బొత్తాం వెనక సంఖ్య చూశారా?

జీన్స్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా ప్యాంటును తిరగేసి వెనక జేబు చూస్తారు. ఎర్ర ట్యాగు ఉందా, తెలిసిన వంపు కుట్టు ఉందా, నడుం మీది అట్టముక్కలో కంపెనీ పేరు ఉందా అని చూసుకుంటారు. ఈ మూడూ కనిపిస్తే సగం బేరం కుదిరినట్టే. నకిలీ తయారుచేసేవాడికీ ఈ సంగతి బాగా తెలుసు. అందుకే అతని డబ్బూ, శ్రద్ధా పైకి కనిపించే ఈ మూడింటి మీదే ఖర్చవుతాయి. ఎవరూ చూడరనుకున్న చోట మాత్రం చెయ్యి బిగబడుతుంది. రివెట్ మీద చెక్కిన అక్షరాలు, కుట్టుదారం, నడుం లోపలి లేబుల్, పై బొత్తాం వెనక వైపు అలాంటి చోట్లే. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ అంటూ ఎంత గొప్పగా చెప్పి అమ్మినా, చాలాసార్లు గుట్టు బయటపడేది అక్కడే.

అన్ని బ్రాండ్ల గుర్తులూ ఒకేలా ఉండవు. కాబట్టి ఒక్క జీన్స్‌నే తీసుకుని వివరంగా చూడటం మేలు. లీవైస్ 501 ఇందుకు బాగా పనికొస్తుంది. దానికి నకళ్లు ఎక్కువ, పైగా దాని మీద ఏ గుర్తు ఏ ఏడాది వచ్చిందో చాలావరకు నమోదై ఉంది. ఒక్కో గుర్తూ ఎందుకు పుట్టిందో చూస్తే, కాపీ కొట్టేవాళ్లతో ఆ కంపెనీ ఎన్నేళ్లుగా పోరాడుతోందో కూడా తెలుస్తుంది.

రివెట్ మీద ఏం రాసి ఉంది?

అమెరికాలోని నెవాడా రాష్ట్రం, రీనో ఊళ్లో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కూలిపని చేసే తన భర్తకు తొందరగా చిరగని ప్యాంటు కుట్టిపెట్టమని 1870 చివర్లో ఒక ఇల్లాలు అతన్ని అడిగింది. గుర్రాల దుప్పట్లకు వాడే రాగి రివెట్లు అతని దగ్గర ఉన్నాయి. ప్యాంటు ఎక్కువగా చిరిగేది జేబుల మూలల్లోనే కాబట్టి అక్కడ వాటిని బిగించి ఇచ్చాడు. ఆ ప్యాంట్లకు గిరాకీ పెరిగింది. ఎవరైనా కాపీ కొడతారన్న భయం పట్టుకుంది కానీ, పేటెంటుకు కట్టాల్సిన 68 డాలర్లు అతని దగ్గర లేవు. తనకు బట్ట అమ్మే శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్‌కు 1872లో ఉత్తరం రాశాడు. ఇద్దరూ కలిసి దరఖాస్తు చేస్తే 1873 మే 20న 139,121 నంబరుతో పేటెంటు వచ్చింది.

ఆ పేటెంటు గడువు 1890 నాటికి తీరిపోయింది. అప్పటినుంచి ఎవరైనా జేబు మూలకు రివెట్ కొట్టుకోవచ్చు, కొడుతున్నారు కూడా. అంటే రివెట్ ఉన్నంత మాత్రాన అసలు సరుకని చెప్పలేం. చూడాల్సింది దాని మీది అక్షరాలను. లీవైస్ రివెట్ మీద గుండ్రంగా ఎల్.ఎస్. అండ్ కో., ఎస్.ఎఫ్. అనే ఇంగ్లిష్ పొడి అక్షరాలు ఉంటాయి. మొదటివి లీవై స్ట్రాస్ అండ్ కంపెనీకి, చివరి రెండూ శాన్ ఫ్రాన్సిస్కోకు సంకేతాలు.

ఈ అక్షరాలను ఉక్కు అచ్చుతో ఒక్క దెబ్బలో నొక్కుతారు. అందుకే అంచులు పదునుగా ఉంటాయి, అన్ని అక్షరాల లోతూ ఒకేలా ఉంటుంది. గోటితో తడిమితే మెట్టు తగులుతుంది. చవక నకిలీల్లో అక్షరాలు ఉబ్బినట్టు, అంచులు అరిగినట్టు కనిపిస్తాయి. ఒక్కోసారి రెండక్షరాలు అతుక్కుపోతాయి, లేదా వాటి మధ్య ఖాళీలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ముందు జేబుల మూలల్లో ఉన్నవీ, చిల్లర జేబు మూలల్లో ఉన్నవీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదాని మీద అక్షరాలుండి ఇంకోదాని మీద ఉత్త గీతలుంటే అనుమానించాల్సిందే. తర్వాత బొటనవేలితో రివెట్‌ను తిప్పి చూడాలి. సరిగా బిగించింది కదలదు. నకిలీది వదులుగా తిరుగుతుంది, వెనక వైపు రేకు అంచు గుచ్చుకుంటుంది.

ఇక్కడ రెండు అపోహలున్నాయి. రివెట్ మీది రాత ఒక్కోచోట ఒక్కో కోణంలో ఉంటే నకిలీ అని కొందరంటారు. బిగించేటప్పుడు గుండ్రటి రివెట్ ఏ వైపుకు తిరిగి ఉంటే రాత ఆ వైపుకే పడుతుంది, కాబట్టి వంకరగా ఉండటం తప్పేమీ కాదు. అయస్కాంతం పెట్టి చూడమనేది రెండో సలహా. రాగిని అయస్కాంతం లాగదు, నిజమే. కానీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కంపెనీయే రాగిపూత వేసిన ఉక్కు రివెట్లు వాడింది. నకిలీవాళ్లు వాడే చవక లోహాల్లోనూ అయస్కాంతానికి అంటుకోనివి ఉన్నాయి. కాబట్టి ఈ పరీక్షతో ఏదీ తేలదు.

దారం, కుట్టు

లీవైస్ వెనక జేబుల మీది వంపు కుట్టు 1873 నాటి నుంచీ ఉంది. అమెరికాలో 1943లో అది ట్రేడ్‌మార్క్‌గా నమోదైంది. యుద్ధకాలంలో దారం పొదుపు చేయాల్సి వచ్చినప్పుడు కంపెనీ ఈ కుట్టు మానేసి, అదే ఆకారాన్ని జేబు మీద రంగుతో గీయించింది. పేరు లేకపోయినా ఆ వంపు చూసి కొనేవాళ్లున్నారు కాబట్టే అంత పట్టుదల. మన దేశంలోనూ ఢిల్లీ హైకోర్టు 2022లో ఈ కుట్టును సుప్రసిద్ధ ట్రేడ్‌మార్క్‌గా ప్రకటించింది. అంటే లేబుల్ మీద వేరే పేరు పెట్టినా, ఈ వంపును తెచ్చి జేబు మీద కుడితే చిక్కుల్లో పడ్డట్టే.

యుద్ధం తర్వాత ఈ వంపును రెండు సూదుల యంత్రం మీద కుట్టడం మొదలైంది. రెండు సూదులూ ఒకే పిడికి బిగించి ఉంటాయి కాబట్టి రెండు గీతల మధ్య దూరం మొదటి నుంచి చివరిదాకా మారదు. జేబు మధ్యలో రెండు వంపులూ కలిసే చోట గీతలు ఒకదాన్నొకటి దాటి చిన్న డైమండ్ ఆకారం ఏర్పడుతుంది. నకిలీలో తరచూ ఒంటి సూది యంత్రంతో రెండుసార్లు తిప్పి కుడతారు. అప్పుడు గీతల మధ్య సందు ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా వస్తుంది, మధ్యలో డైమండ్ నలిగిపోతుంది. రెండు జేబుల మీదా వంపులు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడటం ఇంకా తేలిక. ప్యాంటును నేల మీద పరిచి, రెండు జేబుల పై అంచులూ కలిపి పట్టుకుంటే చాలు, తేడా కంటికి ఆనుతుంది. అసలు జీన్స్ కూడా మనుషులు కుట్టేదే కనుక కొద్దిపాటి తేడాను పట్టించుకోనక్కర్లేదు. కంటికి కొట్టొచ్చినట్టుంటేనే అనుమానం.

దారం విషయానికొస్తే, పాతకాలంలో నూలు దారం వాడేవారు. ఇప్పుడు జీన్స్‌కు మేలురకం దారమంటే లోపల పాలిస్టర్ పోగు, దాని చుట్టూ నూలు చుట్టినది. పాలిస్టర్ బలాన్నిస్తుంది. నూలు మాత్రం బట్టతో పాటే వాడి వెలుస్తుంది. లీవైస్ దారం రంగు, రాగి రివెట్లకు కలిసేలా, నారింజకూ పొగాకు రంగుకూ మధ్యన ఉంటుంది. చవక నకిలీల్లో ఉత్త పాలిస్టర్ దారం వాడతారు. అది ట్యూబ్‌లైట్ కింద నిగనిగలాడుతుంది. ప్యాంటు చూస్తే ఫ్యాక్టరీలో రాళ్లేసి ఉతికినట్టు వెలిసిపోయి ఉంటుంది, దాని మీది దారం మాత్రం నిన్న రీలు విప్పినంత కొత్తగా మెరుస్తుంది. ఇది గట్టి అనుమానమే కానీ రుజువు కాదు. తక్కువ ధర అసలు రకాల్లోనూ పాలిస్టర్ దారం ఉండొచ్చు.

కాళ్ల అడుగు మడతను మాత్రం సాక్ష్యంగా తీసుకోకూడదు. మన దగ్గర కొన్న జీన్స్ చాలావరకు ఆల్టరేషన్‌కు వెళ్తుంది. టైలర్ అడుగున కత్తిరించి తన దగ్గరున్న దారంతో తన యంత్రం మీద కుట్టి ఇస్తాడు. పాత జీన్స్‌ల గురించి రాసేవాళ్లు అడుగున గొలుసు కుట్టే ఉండాలంటారు కానీ, నేటి మామూలు రకాలకు ఆ నియమం వర్తించదు.

లోపలి లేబుల్

నడుం లోపల, పక్క కుట్టు దగ్గర, తెల్లని మెత్తటి గుడ్డముక్కలు రెండో మూడో దొంతరగా ఉంటాయి. ఉతికే పద్ధతి, బట్టలో నూలు ఎంత శాతం, ఏ దేశంలో కుట్టారు, కొలత, రకం సంఖ్య అన్నీ వాటి మీదే ఉంటాయి. దీన్ని ప్యాంటు పక్క కుట్టు వేసేటప్పుడే మధ్యలో పెట్టి కుడతారు. కాబట్టి లేబుల్ పై అంచు కుట్టు లోపలికి వెళ్లి మాయమవ్వాలి. పూర్తయిన కుట్టు మీద వేరే దారంతో తర్వాత అతికించినట్టుంటే అది ఎవరో వేరేచోట తగిలించిందే.

రకం సంఖ్యను అంకె అంకె చూసి చదవాలి. 501 రకమైతే లేబుల్ మీద 00501 అని, ఆ పక్కన రంగు, ఉతుకును సూచించే ఇంకో సంఖ్య ఉంటాయి. నడుం వెనక రెండు గుర్రాల బొమ్మ ఉన్న అట్టముక్క మీద కూడా 501 అనే ఉండాలి, నడుం, పొడవు కొలతలు రెండుచోట్లా ఒకటే కావాలి. ఇక్కడ చాలామందికి తెలియని తేలిక పరీక్ష ఒకటుంది. 501కు ముందు భాగంలో జిప్ ఉండదు, వరసగా బొత్తాలే ఉంటాయి. జిప్‌తో 1954లో వచ్చిన రకానికి సంఖ్య చివర జెడ్ అక్షరం చేర్చి వేరు చేశారు. జిప్ కావాలనుకునేవారికి 505, 511 లాంటి వేరే సంఖ్యలున్నాయి. కాబట్టి అట్ట మీద ఉత్త 501 అని ఉండి ముందు జిప్ కనిపిస్తే, ఇక రివెట్లూ దారాలూ చూడాల్సిన పనే లేదు.

దేశం పేరు చూసి మాత్రం జనం తరచూ తప్పుగా తేలుస్తారు. ‘మేడ్ ఇన్ ఇండియా’ అనో, ‘మేడ్ ఇన్ బంగ్లాదేశ్’ అనో ఉంటే డూప్లికేటని, ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని ఉంటే అసలని అనుకుంటారు. లీవైస్ అమెరికాలోని తన సొంత కుట్టు ఫ్యాక్టరీలను 2000ల తొలి ఏళ్లలోనే మూసేసింది. ఇప్పుడు షోరూముల్లో దొరికే మామూలు రకాలు వివిధ దేశాల్లో కుట్టినవే. అందుచేత కాలిబాట మీద చవగ్గా దొరికే కొత్త జీన్స్ మీద ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని ఉంటే అది నమ్మకం పెంచే మాట కాదు, తగ్గించే మాట. మహారాష్ట్రలో జీన్స్ తయారీకి పేరుపడ్డ ఉల్లాస్‌నగర్ మీద ఒక పాత జోకు ఉంది. అక్కడి సరుకు మీద ఉండే యూఎస్ఏ అంటే ఉల్లాస్‌నగర్ సింధీ అసోసియేషన్ అని!

బొత్తాం వెనక

నడుం దగ్గరి పై బొత్తాం ముందు వైపు కంపెనీ పేరు చెక్కి ఉంటుంది. అది అందరూ చూస్తారు. బొత్తాం ఊడిపోకుండా బట్టకు అవతలి నుంచి చిన్న మేకు లాంటి ముక్క బిగిస్తారు. దాని చదునైన తల మీద ఒక సంఖ్య నొక్కి ఉంటుంది. అది జీన్స్ కుట్టిన ఫ్యాక్టరీ కోడ్. పాత అమెరికన్ జీన్స్‌లో 555 అనే సంఖ్య పేరుమోసింది. అది శాన్ ఫ్రాన్సిస్కోలోని వలెన్సియా వీధి ఫ్యాక్టరీది. 2002లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక 555 ఉన్న జీన్స్‌ను సేకరణదారులు ఎక్కువ ధర పెట్టి కొనడం మొదలుపెట్టారు. దాంతో ఆ సంఖ్యకూ నకళ్లు పుట్టాయి.

కొనేవాళ్లకు అసలు ఉపయోగం ఎక్కడంటే, ఈ సంఖ్యే లోపలి లేబుల్ మీద కూడా సాధారణంగా అచ్చయి ఉంటుంది. రెండూ కలిస్తే మంచి సూచన. నకిలీలో ఇవి ఎందుకు కలవవో ఊహించడం కష్టం కాదు. నకిలీ కుట్టేవాడు బొత్తాలను ఒకరి దగ్గర బస్తాల లెక్కన కొంటాడు. లేబుళ్లను ఇంకొకరి దగ్గర అచ్చు వేయిస్తాడు. బొత్తాల అచ్చు చేసినవాడు ఏదో ఒక అసలు జీన్స్ చూసి అందులోని సంఖ్య దించాడు. లేబుల్ వేసినవాడు చూసింది ఇంకో జీన్స్‌ను. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోలేదు. పైగా ఉక్కు అచ్చు మార్చాలంటే ఖర్చు, అందుకని నెలల తరబడి ఒకటే సంఖ్యతో బొత్తాలు వస్తాయి. ఒకే దుకాణంలో రెండు వేర్వేరు రకాలు తీసి చూడండి. ఒక లేబుల్ మీద ఒక దేశం, రెండో లేబుల్ మీద ఇంకో దేశం ఉండి, రెండు బొత్తాల వెనకా ఒకే సంఖ్య ఉంటే విషయం తేలిపోయినట్టే.

దీనికీ పరిమితి ఉంది. బొత్తాం ఊడిపోతే కొత్తది వేయించుకుని ఉండొచ్చు. లేబుల్ కత్తిరించేసి ఉండొచ్చు. అన్ని రకాల్లోనూ, అన్ని కాలాల్లోనూ ఈ పద్ధతి ఒకేలా సాగిందని అనుకోవడానికీ లేదు. సంఖ్యలు కలవకపోతే అనుమానంతో మిగతా గుర్తులు చూడాలి. బొత్తాం వెనక ఏ సంఖ్యా లేకుండా నున్నగా ఉంటే ఆ అనుమానం ఇంకా పెరగాలి.

నలుగురు సాక్షుల మాట

రివెట్, దారం, లేబుల్, బొత్తాం కోర్టులో నలుగురు సాక్షుల లాంటివి. ఒక్కొక్కరికి విడిగా నేర్పి పంపడం నకిలీవాడికి సాధ్యమే. నలుగురి మాటా ఒకదానితో ఒకటి పొసగేలా చేయడమే కష్టం.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘1950ల నాటి అసలు లీవైస్ 501’ అంటూ ఆన్‌లైన్‌లో ఒక పాత జీన్స్ అమ్మకానికి వచ్చిందనుకుందాం. ఫొటోలో రివెట్ అక్షరాలు బాగున్నాయి, ముందు బొత్తాలే ఉన్నాయి. ఇక కాలం లెక్క చూడాలి. వెనక జేబు పక్కన ఎర్ర ట్యాగు 1936లో వచ్చింది కాబట్టి ట్యాగు ఉండటం సబబే. కానీ దాని మీది పేరులో ‘ఇ’ అనే ఇంగ్లిష్ అక్షరం చిన్నబడిలో ఉంది. 1971కి ముందు అది పెద్దబడిలో ఉండేది. వెనక జేబుల మూలల్లో, లోపలి వైపు, 1937 నుంచి 1960ల మధ్యదాకా దాచిన రివెట్లు ఉండేవి. ఈ జీన్స్‌ను తిరగేసి తీసిన ఫొటోలో రివెట్ బదులు దట్టమైన దారపు ముడికుట్టు కనిపిస్తోంది. లోపల ఉతికే పద్ధతి చెప్పే తెల్ల లేబుల్ ఉంది. అలాంటి లేబుళ్లు 1970లలో మొదలయ్యాయి. కాబట్టి ఇది లీవైస్ కుట్టిందే కావచ్చు, 1950ల నాటిది మాత్రం కాదు. అడిగే ధరలో ఎక్కువ భాగం ఆ అబద్ధానికే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఎర్ర ట్యాగు మీద పేరే లేకుండా, గుండ్రటి గీతలో ఆర్ అక్షరం మాత్రమే ఉన్న జీన్స్ అప్పుడప్పుడు కనిపిస్తుంది. చూసినవాళ్లు వెంటనే నకిలీ అనేస్తారు. కానీ లీవైస్ తన ఉత్పత్తిలో కొంత భాగాన్ని కావాలనే అలా వదులుతుంది. పేరు లేకున్నా ఆ ఎర్ర గుడ్డముక్క ఉన్న చోటు మీద కూడా తనకు హక్కుందని చాటుకోవడానికి చేసే పని అది. అలాగే, కొత్తగా కుట్టినా పాత నమూనాలో తెచ్చే ఖరీదైన రకాల ట్యాగు మీద పెద్దబడి ‘ఇ’ ఉంటుంది. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పేస్తే రెండు వైపులా పొరపాటే జరుగుతుంది.

నాలుగు గుర్తులూ తేల్చలేని సరుకు కూడా ఉంది. ‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్’ పేరుతో అమ్మేవాటిలో కొన్ని నిజంగానే బ్రాండ్ కోసం కుట్టి, లోపం వల్ల తిప్పిపంపినవి. వాటి రివెట్, దారం అసలువే. లేబుల్ మాత్రం తరచూ మధ్యకు కత్తిరించి ఉంటుంది. అదే పేరుతో అమ్మే మిగతావాటిలో పక్కా నకిలీలూ కలుస్తాయి. లేబుల్ చెక్కుచెదరకుండా ఉండి, ధర మాత్రం షోరూములో పదో వంతు ఉంటే దాన్ని సర్‌ప్లస్ అని నమ్మడం కష్టం.

ఇంకో మాట. అనంతపురం జిల్లా రాయదుర్గంలో, పక్కనే ఉన్న బళ్లారిలో జీన్స్ కుట్టి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తమ పేరు పెట్టుకుని వాళ్లు అమ్మే జీన్స్ చవకదే కావచ్చు, నకిలీ కాదు. ఇంకొకరి పేరు, గుర్తు తగిలించినప్పుడే అది నేరమవుతుంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం అలా తగిలించినా, తెలిసి అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

కాబట్టి బ్రాండ్ ధర పెట్టి కొంటున్నప్పుడు పై బొత్తాం విప్పి వెనక సంఖ్య చూడండి, దాన్ని లేబుల్‌తో పోల్చండి, రివెట్‌ను వేలితో తిప్పండి, అట్ట మీది సంఖ్యకూ ముందున్న జిప్‌కూ పొత్తు కుదిరిందో లేదో గమనించండి. ఆన్‌లైన్‌లో అయితే ఈ నాలుగు చోట్లా దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. బిల్లు తప్పక తీసుకోండి. అసలుదని చెప్పి నకిలీ అంటగడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.